800 మీటర్లకు ఆరు వారాలు

800 మీటర్లను 2 నిమిషాల 24 సెకన్లలో ముగించే పదో తరగతి విద్యార్థిని తీసుకుందాం. అంటే 200 మీటర్లకు 36 సెకన్లు. ప్రణాళిక మొత్తానికీ ఈ వేగమే ఆధారం. ఇంటర్వెల్స్ వారానికి రెండు రోజులే. మిగతా రోజుల్లో తేలిక పరుగు, ఒక రోజు పూర్తి విశ్రాంతి.

మొదటి రెండు వారాలు ఆరేసి 200లు, మధ్యలో రెండు నిమిషాల నడక. తర్వాతి రెండు వారాలు 54 సెకన్లలో నాలుగు 300లు, మూడు నిమిషాల విరామం. ఐదో వారం 72 సెకన్లలో మూడు 400లు, ఐదు నిమిషాల విరామం. వేగం మారదు, దాన్ని నిలబెట్టే దూరమే పెరుగుతుంది. ఆరో వారం మూడు 200లతో సరిపెట్టి, మూడు రోజులాగి పరుగు పెట్టాలి.

పిల్లలు మొదటి 200ను 32 సెకన్లలో కొట్టేసి, చివరిదానికి 40కి జారిపోతారు. అనుకున్న సమయం కన్నా రెండు సెకన్లు వెనకబడితే ఆ రోజుకు ఆపేసి, మరుసటిసారి విరామం పెంచాలి.