అప్పు తీర్చినా ఆగని మట్కా

మా చిన్నాయనది కళ్యాణదుర్గం పక్క పల్లె. నాలుగెకరాల మెట్ట, వేరుశనగ పంట. నేను డిగ్రీలో ఉండగా ఆయన మట్కా అప్పు లక్షా ఎనభై వేలకు చేరింది. మా నాయన, మేనమామ కలిసి ఒకేసారి తీర్చినారు. పంట డబ్బు చేతికొచ్చిన వారానికే మళ్లీ చీటీ రాయించినాడు. సిగ్గులేని మనిషి అనుకున్నాం. పీజీలో చదివినాకే అది జబ్బని నాకు అర్థమైంది.

మట్కాలో నూరు నంబర్లు. తగిలితే రూపాయికి ఎనభై ఇస్తారనుకోండి. నూరింటి మీదా రూపాయి చొప్పున పెట్టినా చేతికొచ్చేది ఎనభయ్యే. ఈ లెక్క చిన్నాయనకూ తెలుసు. తెలిసినా ఆగలేకపోవడమే జబ్బు.

2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం జూద వ్యసనాన్ని మద్యం వ్యసనంతో ఒకే వర్గంలో చేర్చింది. తొమ్మిది లక్షణాల్లో ఏడాదిలో నాలుగు కనిపిస్తే జబ్బు కింద లెక్క. చిన్నాయనకు ఆరు ఉన్నాయి. పందెం ఇరవై నుంచి ఐదువందలకు పెరిగింది. మానాలని చూసి మానలేకపోయినాడు. ఆడని రోజు ఇంట్లో అందరి మీదా చిరాకు. పోయింది రాబట్టాలని మర్నాడే మళ్లీ ఆట. అడిగితే అబద్ధం. ఆరోది, అప్పు తీర్చమని బంధువుల మీద పడడం. అంటే మేము మందనుకుని చేసింది జబ్బు లక్షణాల్లోనే ఉంది! ఆరంటే మధ్యస్థం. అయితే ఉన్మాద దశలోనూ కొందరు ఇట్లే ఆడతారు కాబట్టి డాక్టరు అది కాదని తేల్చుకోవాలి. చనిపోవాలనిపిస్తోందా అని కూడా నేరుగా అడగాలి. చిన్నాయన అవునన్నాడు. అప్పటినుంచి పురుగుమందు డబ్బా మా ఇంట్లో పెట్టుకున్నాం.

చికిత్సలో మొదటి పని అప్పుల జాబితా. చిన్నమ్మ ముందర రాయించినారు. మొదటిరోజు రెండు దాచినాడు, ఒకటి ఆమె పేరు మీది పొదుపు సంఘం అప్పే. ఆమె కమ్మలు అప్పటికే తాకట్టులో ఉన్నాయి. వడ్డీవాళ్లు దారిలో ఆపి అడుగుతారని హాస్టల్లో ఉండే చెల్లెలు సెలవులకు ఇంటికి రావడం మానుకుంది. ఈసారి అప్పు ఎవరూ ఒక్కసారిగా తీర్చలేదు. పంట డబ్బు చిన్నమ్మ ఖాతాలో పడుతుంది, నెలనెలా కంతు ఆమే కడుతుంది. ఆయన జేబులో టీ ఖర్చుకు మించి ఉండదు.

ఆడాలనే కోరిక అలలాంటిది. పెరుగుతుంది, అరగంట తట్టుకుంటే చాలాసార్లు తగ్గుతుంది. ఆ అరగంట ఆయన మా నాయనకు ఫోన్ చేయాలి. కోరికను లేపేవేవో కూడా రాసుకున్నాడు: చీటీ రాసేవాడు కూర్చునే టీ అంగడి, పంట అమ్మిన రోజు, తాగిన రాత్రి, కలలో కనిపించిన నంబరు. (కలకు నంబరు కట్టడంలో మా ఊళ్లో పండితులే ఉన్నారు.) కొందరికి నాల్ట్రెక్సోన్ మాత్ర కోరికను తగ్గిస్తుంది, అది డాక్టరు నిర్ణయం.

ఎనిమిదో నెలలో ఒకరోజు యాభై పెట్టినాడు. పోయింది. అసలు ప్రమాదం ఆ యాభై కాదు, దాన్ని రాబట్టాలని మర్నాడు పెట్టే ఐదువందలు. కాబట్టి జారితే ఆ రోజే చెప్పాలనేది ఒప్పందం. రాత్రి భోజనాల దగ్గర చెప్పినాడు. చిన్నమ్మ తిట్టలేదు, మర్నాటి నుంచి టీ డబ్బులు కూడా తన దగ్గరే పెట్టుకుంది.

మీ ఇంట్లో ఇట్లాంటివారుంటే ముందు 14416 టెలీమానస్‌కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.