వాయుగుండం ఒకటే, పేర్లు మూడు

బంగాళాఖాతంలో మబ్బులు సుడి తిరగడం మొదలైతే చాలు, రేడియో వార్తల్లోకి అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను అన్న మాటలు వరసగా వచ్చేస్తాయి. వినేవారికి ఇవన్నీ గాలివానకే పేర్లు. వాతావరణ శాఖకు మాత్రం ఇవి మెట్లు. గాలి గంటకు 31 కిలోమీటర్ల వేగం అందుకుంటే వాయుగుండం, 50కి చేరితే తీవ్ర వాయుగుండం, 62కి చేరితే తుపాను.

ఒకే మాట పదేపదే రాస్తే చదవడానికి బాగుండదన్న అలవాటు స్క్రిప్టు రాసేవారిని ఇక్కడే ముంచుతుంది. ఉదాహరణకు: ‘వాయుగుండం మచిలీపట్నానికి 300 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఈ తుపాను వాయవ్యంగా కదులుతోంది. రేపు పెనుగాలి తీరాన్ని తాకవచ్చు.’ పత్రికలో అయితే పాఠకుడు ఒక వాక్యం వెనక్కి వెళ్లి సరిచూసుకుంటాడు. రేడియో విన్నవాడికి ఆ వీలు లేదు. ముప్పు ఒకటా, రెండా అని తేల్చుకునేలోపు ఊరి పేరు దాటిపోతుంది. పైగా రెండో వాక్యం వాయుగుండాన్ని ఊరికే రెండు మెట్లు ఎక్కించేసింది.

అదే సంగతి చెవి కోసం రాస్తే ఇలా ఉంటుంది: ‘సముద్రం మీద గాలి సుడి తిరుగుతోంది. వేగం గంటకు 45 కిలోమీటర్లు. ఇంత వేగంతో తిరిగే సుడిని వాయుగుండం అంటారు. ఈ వాయుగుండం ఇప్పుడు మచిలీపట్నానికి 300 కిలోమీటర్ల దూరంలో ఉంది. వాయుగుండం రేపు తీరాన్ని తాకవచ్చు.’ ముందు వివరం, తర్వాత పేరు. తెలియని పేరు ముందే వినిపిస్తే మనసు దాని దగ్గరే ఆగిపోయి, వెనక వచ్చే వివరాన్ని జారవిడుస్తుంది. మర్నాడు గాలి నిజంగానే 62 దాటితే, ‘నిన్నటి వాయుగుండమే బలపడి తుపానుగా మారింది’ అని మార్పును నోరారా చెప్పాలి. అప్పటినుంచి అది తుపానే.

తెలిసినట్టే అనిపించే మాటలతో చిక్కు ఇంకా ఎక్కువ. ‘తీరం దాటింది’ అంటే గండం గడిచిందనుకునేవారు ఉంటారు. నిజానికి తుపాను కేంద్రం సముద్రం నుంచి నేల మీదికి వచ్చిందని దాని అర్థం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కేంద్రం విశాఖ మీదుగా సాగినప్పుడు గాలి కాసేపు తగ్గి, మళ్లీ ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడింది. అందుకే ఈ మాట వాడిన మొదటిసారే అర్థంతోపాటు, గాలి నెమ్మదించినా బయటికి రావద్దన్న హెచ్చరికనూ చేర్చాలి.

ఒక్కసారి చెబితే చాలన్నది ఒక బులెటిన్ వరకే. మధ్యాహ్నం రేడియో పెట్టినవారు ఉదయం వార్తలు విని ఉండకపోవచ్చు. కాబట్టి ప్రతి బులెటిన్‌లోనూ మొదట్లో ఆ వివరణ ఉండాలి, అదీ అవే మాటల్లో. ఉదయం ‘సుడి’ అని, సాయంత్రం ‘సుడిగుండం’ అని వివరిస్తే గందరగోళం మళ్లీ మొదటికొస్తుంది.