చక్రవర్తి కోసం బలి, చక్రవర్తికి బలి

రోమన్ చక్రవర్తిని దేవుడిగా కొలవమని పాలిత రాష్ట్రాలను రోమ్ బలవంతపెట్టిందని చాలామంది అనుకుంటారు. జరిగింది ఎక్కువగా అందుకు విరుద్ధం. క్రీ.పూ. 29లో, నేటి టర్కీ పశ్చిమాన ఉన్న ఆసియా రాష్ట్రపు గ్రీకులు, తర్వాత అగస్టస్‌గా పేరుపొందిన ఆక్టేవియన్‌కు గుడి కట్టుకుంటామని తామే అడిగారు. ఆయన ఒప్పుకుంటే పెర్గమోన్‌లో రోమ్ దేవతకూ ఆయనకూ కలిపి గుడి వెలిసింది. దాని పూజారి పదవి ఊళ్లోని సంపన్నులకు గొప్ప గౌరవమైంది. నగరాలు పోటీలు పడి ఇలాంటి గుళ్లు కట్టాయి.

ఒక్కడే దేవుడని నమ్మే యూదులకు ఇది కుదరదు. అందుకని వాళ్లు ఒక మధ్యేమార్గం పట్టుకున్నారు. జెరూసలేం ఆలయంలో చక్రవర్తి క్షేమం కోసం రోజుకు రెండుసార్లు తమ దేవుడికే బలి ఇచ్చేవారు. తాతల నాటి ఆచారాలను మన్నించే రోమ్ ఆ విధేయత చాలనుకుంది.

దాన్ని కాలిగులా చెడగొట్టాడు. జామ్నియా పట్టణంలో యూదేతరులు అతనికి కట్టిన బలిపీఠాన్ని యూదులు కూల్చేశారు. ఆగ్రహించిన చక్రవర్తి జెరూసలేం ఆలయంలోనే తన విగ్రహం నిలపమన్నాడు. సిరియా పాలకుడు పెట్రోనియస్ సైన్యంతో బయలుదేరాడు గానీ, విత్తనాలు వేసే పని కూడా వదిలి వచ్చి మమ్మల్ని చంపాకే విగ్రహం పెట్టండన్న జనాన్ని చూసి ఆగిపోయాడు. తన ప్రాణానికే ముప్పని తెలిసీ జాప్యం చేసిన అతని ధైర్యం నిజంగా గొప్పది. 41 జనవరిలో కాలిగులా హత్యతో గండం గడిచింది. 66లో మాత్రం చక్రవర్తి కోసం ఇచ్చే బలిని ఆలయ పూజారులే ఆపేశారు. రోమ్ దృష్టిలో అది తిరుగుబాటు ప్రకటనే. 70లో ఆలయం నేలమట్టమైంది.

క్రైస్తవులకు ఆ పాటి రక్షణ కూడా లేదు. వారిది కొత్త మతం. పైగా అందులో చేరినవాళ్లు నిన్నటిదాకా ఊరి దేవతలకు మొక్కినవాళ్లే. సుమారు 112లో బిథీనియా పాలకుడు ప్లీనీ తన విచారణ పద్ధతిని ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరంలో వివరించాడు. నువ్వు క్రైస్తవుడివా అని మూడుసార్లు అడిగేవాడు. అవునని పట్టుబట్టినవారికి మరణశిక్ష. రోమన్ పౌరులైతే రోమ్‌కు పంపేవాడు. కాదన్నవారు దేవతలను ప్రార్థించి, ట్రాజన్ ప్రతిమ ముందు సాంబ్రాణి, ద్రాక్షసారాయి సమర్పించి, క్రీస్తును దూషిస్తే విడిచిపెట్టేవాడు. వాళ్లను వెతికి పట్టుకోవద్దని, ఆకాశరామన్న ఉత్తరాలను లెక్కచేయవద్దని ట్రాజన్ జవాబిచ్చాడు.

ఆ పరీక్షలో చక్రవర్తి ప్రతిమ పక్కనే దేవతల విగ్రహాలూ ఉన్నాయి. అసలు గొడవ వాటి దగ్గరే అని నా అభిప్రాయం. క్రైస్తవులు దేవతలందరినీ కాదన్నారు, దేవతలు అలిగితే ఊరికే అరిష్టమని ఇరుగుపొరుగు భయపడ్డారు. 250 ప్రాంతంలో డెసియస్ చక్రవర్తి అందరూ బలి ఇవ్వాలని ఆజ్ఞాపించినప్పుడు, ఇచ్చామని జనం అధికారుల చేత రాయించుకున్న పత్రాలు ఈజిప్టులో దొరికాయి. వాటిలో బలి అందుకున్నవారు దేవతలే, చక్రవర్తి కాదు.