వారసుల పత్రాలు రెండు.. అవసరాలు వేర్వేరు

విజయవాడ: లీగల్ హెయిర్ సర్టిఫికెట్ తహసీల్దారు ఇచ్చేది, సక్సెషన్ సర్టిఫికెట్ కోర్టు ఇచ్చేది. నగరానికి చెందిన ప్రభుత్వోద్యోగి వీలునామా రాయకుండా మరణించారనుకుందాం. కుటుంబ పింఛను, కారుణ్య నియామకం దరఖాస్తులకు మొదటిది సరిపోతుంది. మీసేవలో దరఖాస్తు చేస్తే స్థానిక విచారణ జరిపి ఇస్తారు. అయితే అది బంధుత్వాన్నే ధ్రువీకరిస్తుంది, వాటాలు తేల్చదు.

నామినీ లేని బ్యాంకు డిపాజిట్‌పై వారసుల మధ్య తగవు వస్తే మాత్రం 1925 నాటి భారత వారసత్వ చట్టం 372వ సెక్షన్ కింద, మృతుడు నివసించిన ప్రాంత పరిధిలోని కోర్టులో పిటిషన్ వేయాలి. కోర్టు మిగతా వారసులకు నోటీసులిచ్చి విచారిస్తుంది. ఆ సర్టిఫికెట్‌ను నమ్మి చెల్లించిన బ్యాంకుకు తర్వాత బాధ్యత ఉండదు. సొమ్ము అందుకున్నవారు మాత్రం ఇతర వారసుల వాటాకు జవాబుదారీయే. పొలం, ఇల్లు దీని పరిధిలోకి రావు. వాటిపై వివాదముంటే విడిగా దావా వేసుకోవాలి.