‘పాపం’ అంటే జాలేనా?

నరికుడి దగ్గరి ఒక తెలుగింటికి కోడలుగా వచ్చిన అమ్మాయి సెలవుల్లో నా దగ్గర తెలుగు నేర్చుకుంటోంది. పుట్టింట్లో అంతా తమిళమే. అక్షరాలు పట్టుబడ్డాయి, వాక్యాలు చదువుతోంది. కాపురం మదురైలో. ఒకరోజు ఫోను తెచ్చి చూపించింది. కుటుంబ వాట్సాప్ గ్రూపులో అత్తగారు ఇలా రాశారు:

“మా కోడలు గారు చాలా బిజీ అట. పాపం, ఫోను ఎత్తే తీరిక కూడా లేదు. మనమే సర్దుకోవాలి లే.”

దానికి ఈ అమ్మాయి, “అవును అత్తయ్యా, చాలా పని. అర్థం చేసుకున్నందుకు థాంక్స్” అని జవాబిచ్చింది. అప్పటినుంచి అత్తగారు మాట్లాడటం లేదు. “మాటలన్నీ మంచివే కదా టీచర్, తప్పెక్కడ?” అని అడిగింది.

ముందు ‘గారు’ చూడమన్నాను. రోజూ ఆవిడ ఈమెను పేరు పెట్టి, ‘నువ్వు’ అనే పిలుస్తారు. ఇవాళ ఉన్నట్టుండి గౌరవం వచ్చిందంటే అది దూరం జరిగినట్టు. గౌరవం పెరిగిందా అన్నది కాదు, రోజూ ఉండే పిలుపు మారిందా అన్నది చూడాలి.

తర్వాత ‘అట’. దీనికి తమిళంలోని ‘ఆం’ సాయం తెచ్చుకున్నాం. ‘మళై వరుమాం’ అంటే వాన వస్తుందట. ఎవరో చెప్పగా విన్న మాట, అందులో ఎత్తిపొడుపు లేదు. కానీ ఇక్కడ కోడలు అదే గ్రూపులో చదువుతోంది. ఎదురుగా ఉన్న మనిషి గురించి ‘అట’ అంటే, ‘ఆమె అలా చెప్పుకుంటోంది, నేను నమ్మడం లేదు’ అని. తమిళంలో ‘అవంగ బిజియాం’ అని చెప్పి చూపించగానే అమ్మాయి ముఖం మారింది.

ఇక ‘పాపం’. జ్వరం వచ్చినవాళ్లను అంటే నిజంగా జాలే. తన ఫోను ఎత్తనివాళ్లను అంటే జాలి పడాల్సింది ఎవరి మీద? అన్నవారి మీదే. ఎదురుగా ఉంటే ‘పా...పం’ అని సాగదీసిన గొంతు ఆ సంగతి చెప్పేసేది. రాతలో ఆ గొంతు లేదు. ఈ మూడింటిలో ఒక్కటే కనిపిస్తే ఎత్తిపొడుపు అనుకోనక్కర్లేదు. మూడూ ఒకేచోట చేరితే ఆగి ఆలోచించాలి.

మాటకు జవాబు రాయవద్దు, బాధకు జవాబు చెప్పమన్నాను. అమ్మాయి అప్పుడే ఫోను చేసి, “అత్తయ్యా, ఆ రెండు రోజులూ నేనే తిరిగి చెయ్యాల్సింది” అంది. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, “సరేలే, తిన్నావా?” అన్న గొంతు నాకూ వినిపించింది.

ఫోను పెట్టేశాక అమ్మాయి అడిగింది: “టీచర్, ఇప్పుడు కూడా ‘లే’ అన్నారు. ఇదీ ఎత్తిపొడుపేనా?”

కాదు. ‘గారు’ పోయింది, ‘నువ్వు’ తిరిగొచ్చింది. ఈ ‘లే’ కోపం దిగిన ‘లే’.