ఒకే అంచనా, రెండు తీర్పులు

కొన్ని నొప్పి, వాపు మందులు వాడితే గుండె లయ తప్పే ముప్పు పెరుగుతుందా? ఒక అధ్యయనంలో 20 శాతం పెరిగినట్టు తేలింది. తర్వాతి దానిలోనూ అంతే. అయినా రెండో బృందం తమ ఫలితం ‘సిగ్నిఫికెంట్’ కాలేదు కాబట్టి మొదటిదానికి భిన్నమని రాసింది. 2019లో ‘నేచర్’ పత్రికలో ఆమ్రైన్, గ్రీన్‌లాండ్, మెక్‌షేన్ ఈ పొరపాటునే ఎత్తిచూపారు.

95 శాతం విశ్వాస అంతరాలను పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది 9 నుంచి 33 శాతం పెరుగుదల. రెండోది 3 శాతం తగ్గుదల నుంచి 48 శాతం పెరుగుదల దాకా. అంటే మొదటిది మొత్తం రెండోదానిలోనే ఇమిడిపోయింది! తేడా ప్రభావంలో లేదు, కచ్చితత్వంలో ఉంది. చర్చా విభాగంలో రాయాల్సింది ఇది: మా అంచనా పాతదానితో సరిపోతోంది, కాకపోతే మా అంతరం వెడల్పు. భిన్నమనే అనాలనుకుంటే, రెండు అంచనాల మధ్య తేడాకే విశ్వాస అంతరం లెక్కగట్టి చూపాలి.