వేలి చివర ఒక మైక్రోఆంపియర్

కరోనా రోజుల్లో చాలా ఇళ్ళకు పల్స్ ఆక్సీమీటర్ వచ్చి చేరింది. దాని క్లిప్పు తెరిస్తే ఒక దవడలో రెండు ఎల్‌ఈడీలు, ఎదురు దవడలో ఒక చిన్న పలక కనిపిస్తాయి. ఆ పలకే ఫోటోడయోడ్. ఎరుపు, పరారుణ ఎల్‌ఈడీలు సెకనుకు కొన్ని వందల సార్లు వంతులవారీగా వెలుగుతాయి. వేలిని దాటి వచ్చిన కాస్త వెలుతురుకు డయోడ్‌లో కరెంటు పుడుతుంది. అది ఒక మైక్రోఆంపియర్ అనుకుందాం. గుండె కొట్టుకున్నప్పుడల్లా అందులో పెరిగి తగ్గేది నూటికి ఒక వంతు అనుకుందాం, అంటే 10 నానోఆంపియర్లు.

లోపలి చిప్ చదవగలిగేది వోల్టేజీని. కరెంటును వోల్టేజీగా మార్చాలంటే ఒక మెగా ఓమ్ రెసిస్టర్ పెడితే సరిపోదా? ఓమ్ సూత్రం ప్రకారం ఒక వోల్టు రావాలి. రాదు. పెరిగే వోల్టేజీ డయోడ్ మీదే పడుతుంది. అది అర వోల్టు దరిదాపులకు వచ్చేసరికి, పుట్టిన కరెంటు బయటికి రాకుండా డయోడ్ లోపలే కారిపోతుంది. పైగా డయోడ్ కూడా ఒక కెపాసిటరే. అందరూ వాడే BPW34 రకానికి దాదాపు 70 పికోఫారడ్లు ఉంటుంది. మెగా ఓమ్ రెసిస్టర్‌తో కలిస్తే వెలుగు మారిన ప్రతిసారీ 70 మైక్రోసెకన్ల బద్ధకం వస్తుంది.

ట్రాన్స్ఇంపెడెన్స్ యాంప్లిఫయర్ అదే రెసిస్టర్‌ను తీసి ఆప్ యాంప్ అవుట్‌పుట్‌కూ మైనస్ ఇన్‌పుట్‌కూ మధ్య పెడుతుంది. ప్లస్ ఇన్‌పుట్ గ్రౌండ్‌కు, డయోడ్ మైనస్‌కు. ఆప్ యాంప్‌కు ఒకటే పట్టు: రెండు ఇన్‌పుట్‌ల మధ్య తేడా ఉండకూడదు. ఇన్‌పుట్ తనలోకి కరెంటు తీసుకోదు కాబట్టి డయోడ్ కరెంటంతా రెసిస్టర్ గుండానే పోవాలి. అందుకు ఎంత వోల్టేజీ కావాలో అంతా అవుట్‌పుట్ తనే సమకూరుస్తుంది: సరిగ్గా ఒక వోల్టు. డయోడ్ మీద వోల్టేజీ దాదాపు సున్నాలోనే ఉంటుంది గనుక కారుడూ లేదు, బద్ధకమూ చాలా తగ్గుతుంది. అయితే ఆప్ యాంప్‌ను చూసి ఎంచుకోవాలి. కాలేజీ ల్యాబుల్లో దొరికే 741 ఇన్‌పుట్ మామూలుగా 80 నానోఆంపియర్లు లాగుతుంది. మన నాడి సంకేతమే 10. ఫెట్ ఇన్‌పుట్ ఉన్న రకాలే ఇక్కడ పనికొస్తాయి.

ఇప్పుడు అసలు చిక్కు. అవుట్‌పుట్ ఎంత మారిందో మైనస్ ఇన్‌పుట్‌కు తెలియాలంటే ఆ వార్త మెగా ఓమ్ రెసిస్టర్ గుండా వచ్చి, డయోడ్‌దీ ఇన్‌పుట్‌దీ కలిపి 80 పికోఫారడ్లను నింపాలి. వార్త ఆలస్యమవుతుంది. బస్సును వెనక్కి తీస్తున్న డ్రైవరుకు కండక్టర్ కేక ఆలస్యంగా వినిపిస్తే ఏమవుతుంది? ఎడమకు అన్నది అందేసరికి బస్సు ఎడమకు ఎక్కువే పోయి ఉంటుంది. సరిదిద్దబోతే కుడికి ఎక్కువవుతుంది. అవుట్‌పుట్‌దీ అదే తీరు. 10 మెగాహెర్ట్జ్ ఆప్ యాంప్ తీసుకుంటే ఈ ఊగులాట దాదాపు 140 కిలోహెర్ట్జ్ దగ్గర వస్తుంది. ఎల్‌ఈడీకి చదరపు తరంగం ఇచ్చి ఆసిలోస్కోప్‌లో చూస్తే, ప్రతి అంచు తర్వాతా అలలు కనిపిస్తాయి. దీన్నే రింగింగ్ అంటారు. ఒక్కోసారి అలలు ఆగనే ఆగవు.

మందు చిన్నదే. రెసిస్టర్‌కు సమాంతరంగా ఒక బుల్లి కెపాసిటర్ పెడితే వేగంగా వచ్చే మార్పు రెసిస్టర్ కోసం కాచుకోకుండా దాని గుండా నేరుగా ఇన్‌పుట్‌ను చేరుతుంది. నెమ్మది మార్పులకు మాత్రం అది లేనట్టే; వోల్టు వోల్టుగానే ఉంటుంది. పై అంకెలతో లెక్క కడితే అలలు అణగడానికి 1.6 పికోఫారడ్లు చాలు. డయోడ్‌ను మీటరు కేబుల్ చివర పెడితే ఇన్‌పుట్‌కు మరో 100 పికోఫారడ్ల దాకా తోడవుతాయి, అప్పుడు 2.4 కావాలి.

అలాగని భయపడి 100 పెట్టేస్తే? ఒక మెగా ఓమ్‌తో కలిసి 100 మైక్రోసెకన్ల మందకొడితనం వస్తుంది. ఎల్‌ఈడీ 200 మైక్రోసెకన్లే వెలిగితే, అవుట్‌పుట్ చేరవలసిన ఎత్తులో 86 శాతం దగ్గరే ఆగిపోతుంది. ఎరుపు తాలూకు శేషం పరారుణ కొలతలో కూడా కలుస్తుంది. 10 పికోఫారడ్లయితే 50 మైక్రోసెకన్లలో దాదాపు స్థిరపడుతుంది, కేబుల్ ఉన్నా నిలదొక్కుకుంటుంది. ఈ పనికి నా ఓటు దానికే.

బ్రెడ్‌బోర్డును మాత్రం నమ్మకూడదు. దాని పక్కపక్క వరుసల మధ్యే ఒకటి రెండు పికోఫారడ్లు ఉంటాయి. కెపాసిటర్ మరిచిపోయినా అక్కడ అంతా బుద్ధిగా పనిచేసి, అదే సర్క్యూట్ పీసీబీ మీదికి వెళ్ళగానే అలలు మొదలవుతాయి. వెతుకుదామని ప్రోబ్‌ను మైనస్ ఇన్‌పుట్‌కు తగిలిస్తే దాని సొంత 10 పికోఫారడ్లు వచ్చి గోల ఇంకా పెరుగుతుంది. ప్రోబ్ ఎప్పుడూ అవుట్‌పుట్ మీదే పెట్టాలి.